విటమిన్ డి సరే, కాల్షియం సంగతేమిటి?

హైదరాబాద్ ఓపీల్లో తరచూ కనిపించే ఒక పాప ఉంది. ఏ ఒక్కరి కథా కాదిది, చాలామంది పిల్లల వివరాలను ఒకచోట చేర్చి రాస్తున్నాను. పాప వయసు 20 నెలలు, బరువు 9 కిలోలు. నడక ఆలస్యంగా వచ్చింది. వచ్చినప్పటి నుంచి కాళ్లు దొడ్డిగా, విల్లులా వంగి కనిపిస్తున్నాయి. అమ్మమ్మ రోజూ నూనె రాసి కాళ్లు సాగదీస్తోంది. "నడక మొదలెట్టిన పిల్లలందరికీ ఇలాగే ఉంటుంది, రెండేళ్లకు అదే సర్దుకుంటుంది" అన్నది ఆవిడ వాదన. అందులో సగం నిజమే. నడక నేర్చే పిల్లల కాళ్లు కొద్దిగా వంగి ఉండటం మామూలే, రెండేళ్లు దాటేసరికి చాలామందికి సరవుతాయి కూడా. కానీ ఈ పాప మణికట్లు వెడల్పుగా ఉబ్బి ఉన్నాయి. ఛాతీ మీద వేళ్లతో నిమిరితే పక్కటెముకలు ముందువైపు కలిసే చోట వరసగా గుండ్లు తగులుతున్నాయి. మామూలు వంపులో ఈ రెండూ ఉండవు. ఇది రికెట్స్.

పరీక్షల్లో ఏం వచ్చిందంటే: విటమిన్ డి మిల్లీలీటరుకు 6 నానోగ్రాములు. 20 పైన ఉంటే చాలు, 12 కంటే తగ్గితే లోపం అని లెక్క. పారాథైరాయిడ్ హార్మోన్ బాగా పెరిగి ఉంది. ఎముక తయారీ ఎంత గందరగోళంగా ఉందో చెప్పే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 1,100, అంటే ఆ వయసు పిల్లలకు ఉండాల్సినదానికి రెండు మూడింతలు. ఫాస్ఫరస్ 3.1, ఈ వయసుకు ఇది తక్కువ. కాల్షియం మాత్రం 8.6, మామూలుకు కాస్తే తక్కువ. మణికట్టు ఎక్స్‌రేలో ఎముక కొస గిన్నెలా లోపలికి గుంటపడి, అంచులు చీలికలు పేలికలుగా ఉన్నాయి.

నాన్న ఆ కాగితం చూసి అడిగే ప్రశ్న సాధారణంగా ఇదే: "కాల్షియం దాదాపు బాగానే ఉంది కదండీ, లోపం డి ఒక్కటే కదా?" ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే వైద్యం మొత్తం అర్థమవుతుంది.

పిల్లల ఎముక కొసల్లో మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది. ఎముక పొడుగు పెరిగేది అక్కడే. ఆ పొరలో కణాలు నిలువు వరసల్లో పేరుకుని, పెరిగి, ఉబ్బి, చివరికి చనిపోతాయి. అవి ఖాళీ చేసిన చోటికి రక్తనాళాలు చొచ్చుకొచ్చి, ఖనిజం చేరి, గట్టి ఎముక ఏర్పడుతుంది. ఆ ఉబ్బిన కణాలు సమయానికి చనిపోవాలంటే రక్తంలో ఫాస్ఫేట్ తగినంత ఉండాలి. అది తగ్గితే కణాలు చావకుండా గుట్టపడతాయి, పొర మందంగా, వెడల్పుగా, మెత్తగా తయారవుతుంది. పాప మణికట్టులో ఉబ్బింది ఆ పొరే. నిలబడి నడిచేటప్పుడు మీద పడే బరువుకు వంగేవి మోకాళ్ల దగ్గరి ఎముకలు.

మరి ఫాస్ఫేట్ ఎందుకు తగ్గింది? తిండిలో అది దాదాపు ఎప్పుడూ కొరత కాదు. కొరత కాల్షియంది. పేగు నుంచి రక్తానికి కాల్షియం సరిగా అందకపోతే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు రంగంలోకి దిగుతాయి. వాటి హార్మోన్ ఎముకల్లోంచి కాల్షియం తోడి రక్తంలోకి పంపుతుంది. అదే సమయంలో మూత్రపిండాల చేత ఫాస్ఫేట్‌ను మూత్రంలోకి పారబోయిస్తుంది. రక్తంలో కాల్షియం అంకె బాగానే కనిపించడం వెనక కథ ఇది. పాప శరీరం సొంత ఎముకలను కరిగించుకుని ఆ 8.6ను నిలబెట్టుకుంటోంది. ఆ నిలకడ ఖరీదు ఫాస్ఫేట్, దాని ఫలితం రికెట్స్.

పేగు నుంచి రక్తానికి కాల్షియం అందకపోవడానికి దారులు రెండు. తిన్న కాల్షియాన్ని పీల్చుకోవడానికి డి లేకపోవడం ఒకటి, అసలు తిండిలోనే కాల్షియం లేకపోవడం రెండోది. పెద్ద వైద్య పుస్తకాలన్నీ చాలాకాలం మొదటిదాని గురించే రాశాయి. రెండోదాని బలం బయటపడింది నైజీరియాలో. అక్కడి జోస్ నగరంలో టామ్ థాచర్ బృందం రికెట్స్ ఉన్న 123 మంది పిల్లలను మూడు గుంపులు చేసి 24 వారాలు గమనించింది. ఒక గుంపుకు విటమిన్ డి, ఒక గుంపుకు రోజుకు 1,000 మి.గ్రా. కాల్షియం, మూడో గుంపుకు రెండూ ఇచ్చారు. 1999లో వెలువడిన ఫలితం ప్రకారం డి మాత్రమే అందిన వాళ్లలో నయమైంది 19 శాతం. కాల్షియం ఒక్కటే అందిన వాళ్లలో 61 శాతం, రెండూ అందిన వాళ్లలో 58 శాతం. ఆ పిల్లలు తినే తిండిలో రోజుకు దాదాపు 200 మి.గ్రా. కాల్షియమే ఉండేది. ఎండకు అక్కడ కొదవ లేదు.

మన పిల్లల్లో ఎక్కువగా కనిపించేది రెండు లోపాలూ కలిసిన పరిస్థితి. తిరుపతి స్విమ్స్‌లో ఎండోక్రైనాలజిస్ట్ హరినారాయణ్ బృందం చిత్తూరు ప్రాంతంలో ఆరోగ్యంగా తిరిగే జనాన్నే పరిశీలించినప్పుడు మూడు విషయాలు కలిసి కనిపించాయి. తిండిలో కాల్షియం తక్కువ, ధాన్యంలోని ఫైటేట్లు ఎక్కువ, రక్తంలో డి తక్కువ. ఫైటేట్లు కాల్షియాన్ని పట్టుకుని పేగులోనే ఉంచేస్తాయి. పైగా కాల్షియం తక్కువైనప్పుడు శరీరం డి నిల్వను త్వరత్వరగా ఖర్చు చేసేస్తుంది. అంటే ఒక లోపం ఇంకోదాన్ని పెంచుతుంది. మండే ఎండలున్న రాయలసీమలో డి లోపమా అని ఆశ్చర్యపోయే వాళ్లకు సగం జవాబు ఇక్కడే ఉంది.

మన పాప తిండి లెక్క చూద్దాం. పొద్దున చిన్న గ్లాసులో 50 మి.లీ. పాలు కలిపిన టీ, అంటే 60 మి.గ్రా. కాల్షియం. (20 నెలల పిల్లకు టీ ఏమిటని అడక్కండి, ఓపీలో అడిగితే సగం ఇళ్లలో అవుననే చెబుతారు.) మధ్యాహ్నం పప్పన్నం, పప్పులోంచి 30 లోపు. పెరుగు రెండు చెంచాలు, 35. బిస్కెట్లు, అన్నం, కూర అన్నీ కలిపితే ఇంకో 25. మొత్తం 150. ఏడాది దాటిన పిల్లలకు రోజుకు 500 కావాలి, 300 కంటే తగ్గితే డి ఎలా ఉన్నా రికెట్స్ ముప్పు ఉంటుంది. డి లోపంలో పేగు పీల్చుకునేది తిన్నదాంట్లో 10 నుంచి 15 శాతమే. డి నిండుగా పోసి 35 శాతానికి తెచ్చినా, 150లో 35 శాతమంటే 50 మి.గ్రా. పెరిగే పిల్ల ఎముకకు రోజుకు 100కు పైగానే చేరాలి. డి ఒక్కటే పోసి కూర్చుంటే ఎందుకు చాలదో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ఇక మందు. 2016లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, ఆ తర్వాత భారత పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ సవరించిన సూచనలు మొగ్గు చూపేది రోజువారీ మోతాదుకే. ఏడాది లోపు పిల్లలకు రోజుకు 2,000 యూనిట్లు, ఆపై వయసు వాళ్లకు 3,000, కనీసం 12 వారాలు. అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఒకేసారి వేసే పెద్ద మోతాదుకూ చోటుంది. మూడు నెలల నుంచి ఏడాది వరకు 50,000, ఏడాది నుంచి పన్నెండేళ్ల వరకు 1,50,000. మూడు నెలల లోపు పసికందులకు ఆ పద్ధతి లేదు. డితో పాటు కాల్షియం రోజుకు 500 మి.గ్రా., వయసుతోనూ బరువుతోనూ పని లేకుండా. తిండి ద్వారానైనా సరే, మందు ద్వారానైనా సరే.

కాగితం మీద ఇది చక్కగా ఉంటుంది. మందుల షాపులో చూడండి. చుక్కల మందు సీసాలో మిల్లీలీటరుకు 800 యూనిట్లు ఉంటే 3,000 కోసం రోజుకు మూడు ముప్పావు మి.లీ. పోయాలి. 15 మి.లీ. సీసా నాలుగు రోజులకే అయిపోతుంది. మిల్లీలీటరుకు 400 యూనిట్ల సీసా అయితే రెండు రోజులే. మూడు నెలలకు ఇరవై పైచిలుకు సీసాలు కొనడం చాలా కుటుంబాలకు అయ్యే పని కాదు. అందుకే ఆచరణలో ఆరు నెలలు దాటిన పిల్లలకు వారానికి ఒకసారి 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్టో, చిన్న సీసానో రాస్తారు. సాధారణంగా ఆరు వారాలు. మొత్తం 3,60,000. రోజుకు 3,000 చొప్పున 90 రోజులు ఇస్తే వచ్చేది 2,70,000. రెండు దారుల్లోనూ మొత్తం మీద పెద్ద తేడా లేదు, కానీ ప్రమాదం ఉన్నది వారానికోసారి ఇచ్చే దారిలో.

ఆ ప్రమాదం చాలా మామూలుది. 60,000 యూనిట్లు ఇమిడిన 5 మి.లీ. సీసా చూడ్డానికి మామూలు సిరప్ సీసాలాగే ఉంటుంది. "రోజూ ఒకటి" అని చెవిన పడితే వారానికి 4,20,000 యూనిట్లు కడుపులోకి వెళ్లిపోతాయి. ఆ ద్రవంలో మిల్లీలీటరుకు 12,000 యూనిట్లు, అంటే 400 యూనిట్ల చుక్కల మందు సీసా కంటే 30 రెట్లు. అందుకే చీటీ మీద వారం పేరు రాయించుకోవడం మంచిది. "వారానికోసారి" అని కాదు, "ప్రతి ఆదివారం, ఆరు ఆదివారాలు" అని. కాళ్లు సరికాలేదని ఒక డాక్టరు దగ్గర ఆరు వారాలు, ఇంకో డాక్టరు దగ్గర మళ్లీ ఆరు వారాలు, మధ్యలో ఊళ్లో 6 లక్షల ఇంజెక్షన్ ఒకటి వేయించడం రెండో రకం ప్రమాదం. ఇంజెక్షన్ ఒకప్పుడు బాగా వాడుకలో ఉండేది. నోటి మందు త్వరగా, నమ్మకంగా పనిచేస్తుంది కాబట్టి ఇప్పుడు దానికే మొదటి స్థానం. డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. పిల్ల తినదు, వాంతులు చేసుకుంటుంది, మలబద్ధకం వస్తుంది, అతిగా దాహం, అతిగా మూత్రం, నీరసంగా పడి ఉంటుంది. అలా కనిపిస్తే మందులు ఆపి అదే రోజు రక్త పరీక్ష చేయించాలి. 25-హైడ్రాక్సీ డి 100 దాటి, కాల్షియం కూడా పెరిగి ఉంటే అది విషమే.

కాల్షియం సీసా విషయంలో పొరపాటు దీనికి తలకిందులుగా ఉంటుంది. ఇక్కడ తక్కువ పడుతుంది. లేబుల్ దగ్గరగా పెట్టుకుని చదవండి. "కాల్షియం కార్బొనేట్ 625 మి.గ్రా., ఎలిమెంటల్ కాల్షియం 250 మి.గ్రా.కు సమానం" అని ఉంటుంది. కార్బొనేట్‌లో అసలు కాల్షియం 40 శాతమే, లెక్కకు వచ్చేది ఆ రెండో అంకె. పాపకు 5 మి.లీ. రోజుకు రెండుసార్లు రాస్తే 500 అవుతుంది. అన్నం తిన్న వెంటనే పోయాలి, కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి కనుక. పాపకు రక్తం తక్కువై ఐరన్ కూడా రాసి ఉంటే రెండింటికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. తిండి వైపు నుంచి గేదె పాలు గాని ఆవు పాలు గాని 200 మి.లీ. అయితే 240 మి.గ్రా. దాకా వస్తుంది. పాలు ఉమ్మేసే పిల్లకు పెరుగు, మజ్జిగన్నం. రాగుల్లో 100 గ్రాములకు 360 మి.గ్రా. ఉన్న మాట నిజమే గాని, పిల్ల తినే జావలో పిండి 30 గ్రాములు మించదు, దాంట్లోనూ ఫైటేట్ వాటా పోతుంది. మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండి అయితే ఆ వాటా తగ్గుతుంది. రాగి జావ మంచిదే, అయితే మందు స్థానంలో దాన్ని పెట్టడం కుదరదు.

కాల్షియం లేకుండా డి మాత్రమే ఇస్తే నయం ఆలస్యమవడంతో ఆగదు, కొన్నిసార్లు అపాయం కూడా. డి అందగానే ఇన్నాళ్లూ మెత్తగా పడి ఉన్న ఎముక ఖనిజాన్ని ఒక్కసారిగా లాక్కోవడం మొదలుపెడుతుంది. బయటి నుంచి సరఫరా లేకపోతే అది రక్తంలోని కాల్షియాన్నే లాగేస్తుంది. వేళ్లు కొంకర్లు పోవడం, గొంతు నుంచి కీచుమని శబ్దం, ఫిట్స్ అప్పుడే వస్తాయి. పసిపిల్లల్లో, ముఖ్యంగా ఆరు నెలల చుట్టుపక్కల, రికెట్స్ బయటపడేదే ఫిట్స్‌తో కావచ్చు. కొందరిలో గుండె కండరం బలహీనపడి ఆయాసంతో వస్తారు. అలాంటి పిల్లలకు మొదట పడాల్సింది ఆసుపత్రిలో గుండె మానిటర్ చూస్తూ నెమ్మదిగా నరంలోకి ఎక్కించే కాల్షియం గ్లూకోనేట్, డి దాని వెంట. ఇంట్లో ఉన్న ప్యాకెట్ కలిపి తాగించడం అప్పుడు చేసే పని కాదు.

మన పాపకు అంత దూరం రాలేదు. ఆరు ఆదివారాల డి, రోజూ 500 కాల్షియం, రెండు పూటలా పెరుగన్నం మొదలయ్యాయి. నెలకు తిరిగి రావాలి. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే నిరాశపడతారు, ఎందుకంటే కాళ్లు అలాగే ఉంటాయి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా 1,100 నుంచి 950కి మాత్రమే దిగి ఉండొచ్చు, కొన్నిసార్లు ముందు కాస్త పెరిగి తర్వాత దిగుతుంది. నెలకు చూడాల్సినవి వేరు. ఫాస్ఫరస్ 3.1 నుంచి 4.6కి వచ్చిందా? ఎక్స్‌రేలో ఎముక కొస దగ్గర సన్నటి తెల్లటి గీత కనిపిస్తోందా? ఆ గీత ఎముకకు అంటుకోకుండా, మధ్యలో కొంచెం నల్లటి ఎడంతో విడిగా తేలుతున్నట్టు ఉంటుంది. మృదులాస్థి పొర అంచున ఖనిజం మళ్లీ చేరడం మొదలైందనడానికి అదే సాక్ష్యం. మూడు నాలుగు వారాలకు అది కనిపించిందంటే దారి సరైనదే. ఆ ఎడం తర్వాతి వారాల్లో నిండి, గీత ఎముకలో కలిసిపోతుంది.

మూడు నెలలకు మళ్లీ ఎక్స్‌రే, కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పారాథైరాయిడ్ హార్మోన్, డి. అప్పటికి ఎముక అంచు చక్కబడి, హార్మోన్ మామూలు స్థాయికి వచ్చి, డి 20 పైన ఉండాలి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పూర్తిగా దిగడానికి ఆరు నెలలు పట్టినా కంగారు లేదు. డి అంకెను ఇంకా పైకి ఎక్కించాలని మళ్లీ ప్యాకెట్లు మొదలుపెట్టడంలో అర్థం లేదు. ఇక్కడి నుంచి రోజుకు 600 యూనిట్లు, తిండిలో 500 కాల్షియం, అంతే. దాన్ని కూడా ఆపేస్తే ఏడాది తిరిగేసరికి మళ్లీ మొదటికి వచ్చే పిల్లలున్నారు.

నెలకూ గీత లేదు, మూడు నెలలకూ లేదు అనుకోండి. ముందు అడగాల్సింది మందు నిజంగా పడిందా అని. ఖాళీ సీసాలు తెమ్మంటే సగం సందేహాలు తీరతాయి. కాల్షియం సిరప్ రుచికి పిల్ల ఉమ్మేస్తుంటే నెల గడిచినా మొదటి సీసాలో సగం మిగిలే ఉంటుంది. మందు పడిందని తేలి, డి కూడా 30కి పెరిగి, ఎక్స్‌రే మాత్రం కదలకపోతే అది తిండి వల్ల వచ్చిన రికెట్స్ కాకపోవచ్చు. అప్పుడు దారి చూపేవి మొదటి రోజు కాగితాలే. కాల్షియం మామూలుగా, పారాథైరాయిడ్ హార్మోన్ దాదాపు మామూలుగా ఉండి ఫాస్ఫరస్ ఒక్కటే తక్కువగా ఉంటే మూత్రపిండాలు పుట్టుకతోనే ఫాస్ఫేట్‌ను వదిలేస్తున్నాయేమో చూడాలి. ఇంట్లో తల్లికో తండ్రికో పొట్టి ఎత్తు, వంగిన కాళ్లు ఉన్నాయా అన్నది అప్పుడు అడిగే ప్రశ్న. ఆ జబ్బుకు కావాల్సింది ఫాస్ఫేట్ మందు, మరో రకం డి. మామూలు డి ప్యాకెట్లు ఎన్ని పోసినా విషం ఎక్కడమే తప్ప ఎముక కదలదు. రక్తంలో ఆమ్లం పెరిగే మూత్రపిండ లోపం, పేగు పీల్చుకోలేని జబ్బులు, ఏళ్ల తరబడి ఫిట్స్ మందులు, ఇవన్నీ కూడా ఈ దశలో వెతకాల్సినవే. నల్లగొండ వైపు పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా వంగడానికి నీటిలోని ఫ్లోరైడ్ కారణమని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే రాశారు. ఇంటి నీళ్లు ఎక్కడివో అడగడం కూడా పరీక్షలో భాగమే.

కాళ్ల సంగతి చివరికి వదిలాను, ఎందుకంటే అవి సరయ్యేదీ చివరికే. ఎముక నయమైన తర్వాత పెరుగుదలే వంపును సరిచేస్తుంది, దానికి నెలలు, కొందరికి ఏడాదిన్నర దాకా పడుతుంది. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి చీలమండలు రెండూ తాకించి, మోకాళ్ల మధ్య ఎడం టేపుతో కొలిచి మూడు నెలలకోసారి రాసుకుంటే చాలు. 6 సెంటీమీటర్లు 4కు, 4 నుంచి 2కు వస్తుంటే పట్టీలూ బూట్లూ ఏవీ అక్కర్లేదు. నూనె రాయడం అమ్మమ్మ మానక్కర్లేదు, లాగడం మాత్రం మానాలి. మెత్తటి ఎముక విరగడం తేలిక. ఆపరేషన్ మాట వచ్చేది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలుకు వచ్చి, ఎక్స్‌రే శుభ్రపడి, ఆ తర్వాత కూడా ఏళ్లపాటు వంపు అలాగే ఉండిపోతేనే. జబ్బు చురుగ్గా ఉండగా ఎముక కోసి సరిచేస్తే మెత్తటి ఎముక మళ్లీ వంగుతుంది.

పాపతో పాటు తల్లికి కూడా డి పరీక్ష చేస్తే సాధారణంగా ఆమెకూ తక్కువే ఉంటుంది. తల్లిపాలలో డి ఎప్పుడూ కొద్దిగానే ఉంటుంది, లీటరుకు కొన్ని పదుల యూనిట్లు. తల్లికే లోపం ఉంటే అది కూడా రాదు. ఆమె మళ్లీ గర్భవతి అయి ఉంటే పుట్టబోయే బిడ్డకు మొదటి రోజుల నుంచే రోజుకు 400 యూనిట్లు పోయాలి. చుక్కల సీసాలో మిల్లీలీటరుకు 400 ఉంటే అది సరిగ్గా 1 మి.లీ., 800 ఉంటే అర మి.లీ. సీసా మారిన ప్రతిసారీ ఆ అంకె మళ్లీ చదవాలి, ఏడాది నిండేదాకా.